చవుడు పోయకముందే దూలం కింద ఊత సంగతి చూసుకోండి

ముంగారి వానలకు ముందు మన సీమలో మట్టి మిద్దెల మీద కొత్త చవుడు పోస్తారు. ఆ పని మొదలుపెట్టే ముందు చాలామంది దూలం నడుమ ఒక కట్టె ఊత పెట్టి నిశ్చింతగా ఉంటారు. నా భయమంతా ఆ ఊత గురించే. దూలం విరుగుతుందేమోనని అందరూ చూస్తారు, ఊత తగిలే చోట చెక్క నలిగిపోతుందేమోనని చూసేవాళ్లు తక్కువ.

చెక్క అన్ని వైపులా ఒకేలా ఉండదు. జొన్న దంట్ల మోపును నిలబెట్టి పైన బరువు పెడితే మోస్తుంది. అదే మోపును పడుకోబెట్టి ఎక్కి తొక్కితే చదునైపోతుంది. చెక్కలోని నార కూడా అలాంటి దంట్ల మోపే. నార వెంబడి నొక్కితే గట్టిగా నిలుస్తుంది, నారకు అడ్డంగా నొక్కితే నలుగుతుంది. బిగువులో, అంటే బరువుకు కుంచించుకోకుండా నిలిచే గుణంలో అయితే తేడా ఇంకా ఎక్కువ. అడ్డంగా నొక్కినప్పటి బిగువు, నార వెంబడి ఉన్నదాంట్లో సుమారు 10 నుంచి 20వ వంతే. అందుకే చెక్క కట్టడాలకు మన దేశ ప్రమాణమైన IS 883లో నార వెంబడి నొక్కుడుకు ఒక అంకె, అడ్డంగా నొక్కుడుకు వేరే చిన్న అంకె ఉంటాయి. చెక్క ఇంటి లోపల ఉందా, ఆరుబయట ఉందా, తడిలో ఉందా అన్నదాన్ని బట్టి కూడా ఆ అంకెలు మారతాయి.

పోయినేడు తాడిపత్రి దగ్గర మా మేనమామ ఇంట్లో చూసింది చెబుతాను. దూలం 15 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు, గోడ నుంచి గోడకు 3 మీటర్లు. దూలానికి, దూలానికి మధ్య 1.2 మీటర్లు. పాత మట్టి, దంతెలు కలిపి చదరపు మీటరుకు సుమారు 450 కిలోలు. మామ పోయించాలనుకున్న రెండంగుళాల కొత్త చవుడు ఇంకో 80. వానకు మట్టి తాగే నీళ్లకు 60, మిద్దె మీద తిరిగే మనుషులకు 60 వేసుకున్నాను. మొత్తం 650 కిలోలు. అంటే దూలం మీద మీటరు పొడవుకు 780 కిలోలు.

ముందు వంగుడు లెక్క చూశాను. ఊత లేకుండా దూలం నడుమ పడే వంగుడు M, వంగుడును తట్టుకునే దూలం కొలత Z ఇలా వస్తాయి; w మీటరు పొడవుకు బరువు, L దూలం పొడవు, b వెడల్పు, d ఎత్తు:

M = wL²/8 = 780 × 9 / 8 ≈ 878 కిలోగ్రామ్-మీటర్లు
Z = bd²/6 = 15 × 25² / 6 ≈ 1562 ఘన సెం.మీ.

మొదటిదాన్ని సెంటీమీటర్లలోకి మార్చి రెండోదానితో భాగిస్తే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 56 కిలోలు. పుచ్చు, పెద్ద ముడులు లేని గట్టి చెక్కకు నేను 100 దాకా ఒప్పుకుంటాను. గోడ మీద దూలం కొన 10 సెంటీమీటర్లు ఆనుతోంది. అక్కడ పడే 1170 కిలోలు 150 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటాయి కాబట్టి ఒత్తిడి 8 కూడా దాటదు. చెక్క పొడిగా, గట్టిగా ఉంటే అసలు ఊతే అక్కర్లేదు. కానీ అది పాత దూలం, లోపల పురుగు ఎంత తిన్నదో తెలియదు. ఊత ఉండాలన్న మామ మాట సరైనదే.

ఇక ఊత సంగతి. నడుమ ఊత గట్టిగా పనిచేస్తే దాని మీదికి మొత్తం బరువులో 8లో 5 వంతులు, అంటే సుమారు 1460 కిలోలు వస్తాయి. అక్కడ పెట్టింది సెంట్రింగ్‌కు వాడే నీలగిరి కట్టె, 8 సెంటీమీటర్ల మందం. దాని కొన వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి ఒత్తిడి 29. కట్టెకు అది నార వెంబడి వచ్చే బరువు, నొక్కుడు వరకైతే 80 దాకా పరవాలేదు. (3 మీటర్ల ఎత్తులో అంత సన్నని కట్టె పక్కకు వంగి పోవచ్చు, అది వేరే ప్రమాదం.) అదే 29 దూలానికి నారకు అడ్డంగా తగులుతోంది. అక్కడ నేను ఒప్పుకునేది 25 మాత్రమే. పైగా కట్టె తల ఏటవాలుగా కోసి ఉండడంతో సగమే ఆనింది. అంటే ఒత్తిడి 58. దూలం అడుగున వేలు దూరేంత గుంట పడి, చుట్టూ నార ముడతలు పడి ఉంది.

"మధ్యలో ఒక చెక్క ముక్క పెట్టాల్సింది మామా" అని పక్కింటాయన అన్నాడు. చాలామంది చేసేదీ అదే, కానీ అది సగం మందే. దూలం పొడవు వెంట పరిచిన చెక్క దూలాన్ని కాపాడుతుంది. కట్టె తల మాత్రం అదే 50 చదరపు సెంటీమీటర్లతో ఆ ముక్కను అడ్డంగా నొక్కుతూనే ఉంటుంది. గుంట దూలంలో కాకుండా ముక్కలో పడుతుంది, అంతే తేడా.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అడ్డంగా పరిచిన ఒక అంగుళం చెక్క, నిలబెట్టిన 20 అంగుళాల కట్టె నలిగినంత దాకా నలగొచ్చు. 3 మీటర్ల కట్టె ఈ బరువుకు ఒక మిల్లీమీటరు కూడా కుంచించుకోదు. కిందా పైనా కలిపి 15 సెంటీమీటర్ల మందం పలకలు, ముక్కలు పేరిస్తే అవి ఒక్కటే దాదాపు అంత తగ్గొచ్చు. కొత్త చవుడు, నీళ్ల బరువుకు ఈ దూలం అదనంగా దిగేది లెక్క ప్రకారం ఒక మిల్లీమీటరు లోపే. అంటే పేర్చిన ముక్కలు నలిగేసరికి, ఆ కొత్త బరువులో చాలా వరకు దూలమే మోసేసి ఉంటుంది. ఊత చూడ్డానికి నిలబడే ఉంటుంది.

అందుకే మేము చేసిందేమిటంటే, సన్న కట్టె తీసేసి 12 సెంటీమీటర్ల మందం దుంగ తెచ్చాం. రెండు కొనలూ రంపంతో చదునుగా కోయించాం. వైశాల్యం 113కు పెరిగి ఒత్తిడి 13కు దిగింది. దాని తలకూ దూలానికీ మధ్య 15 సెంటీమీటర్ల చదరపు ఇనుప ప్లేటు, 10 మిల్లీమీటర్ల మందంది పెట్టాం. దాంతో దూలానికి తగిలేది 6.5కు తగ్గింది. దుంగ దొరక్కపోతే సన్న కట్టెలు రెండు పక్కపక్కనే నిలబెట్టి పైన ఒకే ప్లేటు వేయొచ్చు, కాకపోతే వాటిని నడుమ కట్టి బిగించాలి.

కింద చెక్క పలక వద్దు. మన దగ్గర నాపరాయికి కొదువ లేదు. అడుగున్నర చదరపు నాపరాళ్లు రెండు ఒకదాని మీద ఒకటి వేసి, దుంగను వాటి నడుమ నిలబెట్టండి. రాయి చెక్కలా నలగదు, బరువు మట్టి నేల మీద పరుచుకుంటుంది. ఆ చోటికి వాన నీళ్లు రాకుండా చూసుకోండి, తడిసిన మట్టి నేలలో రాయే దిగిపోతుంది.

బిగించేటప్పుడు ఏటవాలు ముక్కలు ఎదురెదురుగా జతగా కొట్టండి, వాటి మందం తక్కువ ఉండాలి. దూలం ఊతకు గట్టిగా ఆనిన వెంటనే ఆపండి. సమ్మెటతో కొట్టి దూలాన్ని పైకి లేపాలని చూస్తే పైన మట్టి పగులుతుంది, వాన నీళ్లకు దారి అవుతుంది.

గోడలో దాగిన దూలం కొనలు కూడా చవుడు పోయకముందే చూడాలి. అక్కడ ఒత్తిడి తక్కువే అయినా తడి చేరితే చెక్క మెత్తబడుతుంది. స్క్రూడ్రైవరుతో గుచ్చితే అర అంగుళం సులువుగా దిగిందంటే పోసే పని ఆపి ఇంజినీరుకు చూపించండి. పైన నా లెక్క గట్టి చెక్కకు మాత్రమే, పుచ్చినదానికి పనికిరాదు.

ఊత పెట్టాక దాని తల పక్కన దూలం మీద పెన్సిలుతో అడ్డగీత ఒకటి గీసి, గీత నుంచి ప్లేటు దాకా టేపుతో కొలిచి గోడ మీద రాసిపెట్టండి. చవుడు పోసిన మర్నాడు ఒకసారి, మొదటి పెద్ద వాన తరువాత ఒకసారి, సెప్టెంబరులో ముసురు పట్టినప్పుడు ఇంకోసారి కొలవండి. మామ ఇంట్లో మర్నాటికి ఒక మిల్లీమీటరు తగ్గింది, ముక్కలు ఇంకోసారి బిగించాం. ఆ తరువాత కదల్లేదు. మూడు మిల్లీమీటర్లు దాటి, ఇంకా తగ్గుతూ ఉంటే ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి.