స్కాన్ రిపోర్టులో ‘అబద్ధం’ అని కనిపిస్తే

మా చెల్లి ఐదో నెల స్కాన్ రిపోర్టును ఫోన్‌లో తెలుగులోకి మార్చుకుంటే ‘అబద్ధం: నిలువు, ప్రదర్శన: పిరుదులు’ అని వచ్చింది. పాపం, రాత్రంతా టెన్షన్ పడింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వస్తే, అసలు ఇంగ్లీషు రిపోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా పోల్చి చూపించండి. అక్కడున్నది ‘లై’. ఫోన్ దాన్ని ‘అబద్ధం’ అనుకుంది, కానీ ఇక్కడ దాని అర్థం బిడ్డ కడుపులో నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా అని. ‘ప్రెజెంటేషన్’ అంటే కింది వైపు ఏ భాగం ఉందని. ‘బ్రీచ్’ అని ఉంటే తల పైకి, పిరుదులు కిందికి ఉన్నట్టు. 20 వారాలకు ఇది మామూలే. బిడ్డకు తిరగడానికి ఇంకా చోటుంటుంది, 36 వారాలకల్లా చాలామంది పిల్లలు తల కిందికి వచ్చేస్తారు. అప్పటికీ తిరగకపోతే కాన్పు ఎలా అన్నది డాక్టరుగారే చెబుతారు. అందుకే మాటకు అర్థం చెప్పేముందు రిపోర్టు మీద ఎన్నో వారమో చూడండి.