పీఎస్ 5లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్: నాకు పనిచేసిన పద్ధతి

పీఎస్ 5 బ్లూటూత్ ఆడియోను నేరుగా ఇవ్వదు, కాబట్టి ఇయర్‌బడ్స్ దానికి జత కావు. కన్సోల్ సెట్టింగ్స్‌లో వెతకడం, టీవీ బ్లూటూత్‌తో కలపడం, రెండూ చూశాను. టీవీ దారిలో శబ్దం వచ్చింది కానీ బాగా ఆలస్యంగా.

చివరికి పనిచేసింది యూఎస్‌బీ ట్రాన్స్‌మిటర్. కన్సోల్ దాన్ని మామూలు యూఎస్‌బీ హెడ్‌సెట్ అనుకుంటుంది, బ్లూటూత్ పని మొత్తం ట్రాన్స్‌మిటరే చూసుకుంటుంది. ముందు ఫోన్‌లో బ్లూటూత్ ఆపేశాను, లేకపోతే బడ్స్ మళ్లీ ఫోన్‌కే అతుక్కుంటాయి. తర్వాత ట్రాన్స్‌మిటర్ గుచ్చి, దాన్నీ బడ్స్‌నీ పెయిరింగ్‌లో పెట్టి, లైట్ మిణుకుమనడం ఆగేదాకా ఆగాను. ఆపైన Settings > Sound > Audio Output లో దాన్నే ఎంచుకున్నాను.

శబ్దం డొక్కు ఫోన్ కాల్‌లా వినిపిస్తే బడ్స్ మైకు ఆన్ అయినట్టే. Sound > Microphone లో కంట్రోలర్ మైకుకు మార్చగానే నాకు స్టీరియో తిరిగొచ్చింది.

ఇక ఆలస్యం సంగతి. బ్లూటూత్ శబ్దాన్ని కుదించి పంపే మామూలు పద్ధతి అయిన ఎస్‌బీసీ కోడెక్‌లో సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే 60 ఎఫ్‌పీఎస్ ఆటలో 12 ఫ్రేములు. ట్రిగ్గర్ నొక్కాక, తెరపై మంట ఆరిపోయాక తుపాకీ చప్పుడు వినిపిస్తుంది. aptX Low Latency అనే కోడెక్ అయితే దాదాపు 40 మిల్లీసెకన్లు మాత్రమే, కానీ ట్రాన్స్‌మిటర్, బడ్స్ రెండింటిలోనూ అది ఉండాలి. ఒక్కదాంట్లో లేకపోయినా చాలాసార్లు ఎస్‌బీసీకే జారిపోతుంది. నా బడ్స్‌లో ఉంది కాబట్టి సరిపోయింది, మీ జతలో ఇలాగే ఉంటుందని చెప్పలేను. రిథమ్ గేములకు మాత్రం నేనింకా వైరే వాడుతున్నాను.