“నా ఐడియా దించేశావు” అని ఎవరైనా అంటే ఏం జవాబివ్వాలి?

సమస్య: పర్లాకిమిడిలో ట్యూషన్ చెప్పే ఒకరు ఒడియా మీడియం పిల్లల కోసం చిన్న తెలుగు పుస్తకం వేశారనుకుందాం. 40 పేజీలు, 300 కాపీలు. వారం తిరక్కుండానే ఊళ్లో పెద్ద మాస్టారి నుంచి టీచర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్: “నా చార్ట్ దించేసి పుస్తకం వేసుకున్నావు. కనీసం ఒక మాట చెప్పాలనిపించలేదా?” ఆ చార్టులో ఉన్నవి రెండు భాషల్లోనూ దగ్గరగా వినిపించే మాటల జంటలు: కుక్క–కుకుర, పిల్ల–పిలా, తాళం–తాలా.

వెంటనే చేయాల్సింది: అదే రోజు, అదే గ్రూపులో రెండు వాక్యాలు పెట్టండి. “మాస్టారూ, మీ మెసేజ్ చూశాను. మీ చార్టు, నా పుస్తకం పక్కపక్కన పెట్టి చూసి రేపు సాయంత్రంలోగా చెబుతాను.” ఇందులో ఒప్పుకోవడమూ లేదు, కొట్టిపారేయడమూ లేదు. మౌనంగా ఉంటే మాత్రం గ్రూపులో అందరూ దాన్ని ఒప్పుకోలు కిందే లెక్కేస్తారు.

కారణం ఎలా పట్టుకోవాలి: సాధారణంగా మూడింటిలో ఒకటి అయి ఉంటుంది. తెలిసే తీసుకుని ఉంటారు. లేదా ఎప్పుడో చూసి మరిచిపోయి, తర్వాత సొంతంగా తట్టిందనుకుని ఉంటారు. ఇది నిజంగా జరుగుతుంది, మనస్తత్వ శాస్త్రంలో దీనికి పేరు కూడా ఉంది. లేదా ఇద్దరూ ఒకే పాత చోటి నుంచి నేర్చుకుని ఉంటారు.

జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. వాట్సాప్‌లో మాస్టారి చార్టు ఫోటో ఉందేమో వెతికి, ఉంటే అది మీ ఫోనుకి ఎప్పుడొచ్చిందో చూడండి. మీ చిత్తుప్రతి తేదీ దానికంటే ముందుదా, తర్వాతదా? అన్నిటికంటే గట్టి గుర్తు తప్పులు. రెండు భాషలకూ దగ్గరి మాటలు ఎవరికైనా తడతాయి కాబట్టి కుక్క–కుకుర రెండుచోట్లా ఉంటే అది పెద్ద విషయం కాదు. కానీ మాస్టారి చార్టులో “తాళం” పొరపాటున “తాలం” అని పడి, మీ పుస్తకంలోనూ “తాలం” అనే ఉండి, జంటల వరుస కూడా అదే అయితే ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

మన ఉదాహరణలో 12 పేజీలు అలాగే తేలాయనుకుందాం.

ఇక్కడ చాలామంది చట్టం ఎత్తుతారు. 1957 కాపీరైట్ చట్టం ఆలోచనను కాదు, దాన్ని వ్యక్తం చేసిన తీరునే కాపాడుతుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. కానీ ఆయన అడిగింది “ఒక మాట చెప్పలేదే” అని. దానికి సెక్షన్లు జవాబు కావు. పైగా వరుసతో సహా 12 పేజీలు దింపాక అది ఆలోచన దగ్గర ఆగినట్టూ కాదు. “మీకలా అనిపించి ఉంటే సారీ” అనడం ఇంకా చేటు, ఎందుకంటే తప్పు ఆయన అనిపించడంలో ఉన్నట్టు అవుతుంది.

పరిష్కారం: ముందు ఇంటికెళ్లి కలవండి. తర్వాత, మాట పడిన గ్రూపులోనే పెట్టండి:

“మాస్టారూ, చూశాను. 8 నుంచి 19 వరకు పేజీల్లోని జంటలు, వాటి వరుస మీ చార్టువే. మీ పేరు వేయకపోవడం నా తప్పు, క్షమించండి. మిగతా పాఠాలు నేను రాసుకున్నవి. అమ్మకుండా ఉన్న 120 కాపీల్లో మీ పేరుతో చీటీ అతికిస్తాను. అమ్మిన 180 మీద మీ వాటా ఇస్తాను. మళ్లీ అచ్చు వేసేముందు మిమ్మల్ని అడుగుతాను. ఇది సరేనా, ఇంకేమైనా చేయాలా?”

చీటీ ఉండాల్సింది వెనక అట్ట లోపల కాదు, పుస్తకం పేరున్న మొదటి పేజీ మీదే. “సహకారం” అని గుంపులో కలిపేయకుండా “8–19 పేజీల్లోని మాటల జంటలు ఫలానా మాస్టారివి” అని రాయండి. వాటాకి లెక్క కావాలి. కాపీకి ఖర్చులు పోను 15 రూపాయలు మిగిలితే, 180 కాపీలకు 2,700. 40 పేజీల్లో 12 అంటే పదింట మూడు వంతులు, అంటే 810 రూపాయలు. పుస్తకానికి ఆ జంటలే ప్రాణమైతే పేజీల లెక్క ఆయనకు అన్యాయం. అప్పుడు సగం ఇస్తామనడమే మర్యాద. డబ్బు వద్దంటే బలవంతపెట్టకండి, పేరు మాత్రం వేయండి.

మీ వైపు తప్పు లేదని తేలితే లేనిది ఒప్పుకోకండి. “మాస్టారూ, మీ చార్టు నేను చూడలేదు, నా చిత్తుప్రతి ఫోటో ఇదిగో. అయితే ఈ పద్ధతి మీరు ముందే చేశారని ఇప్పుడు తెలిసింది, తర్వాతి అచ్చులో ఆ మాట రాస్తాను” అంటే చాలు. చూశారో లేదో నిజంగా గుర్తులేకపోతే “చూడలేదు” అనకండి. “చూసిన గుర్తు లేదు, కానీ పోలిక ఉంది” అని రాసి, పేరు వేయండి.

ఆయన పుస్తకం మొత్తం ఆపమంటే, ఆ 12 పేజీలు తీసేసి వేస్తానని చెప్పొచ్చు. అప్పటికే వకీలు నోటీసు వచ్చి ఉంటే మాత్రం పైన రాసిన ఒప్పుకోలు పంపకుండా ముందు మీ వకీలుకు చూపించండి.