వైఫై పాస్‌వర్డ్ మార్చే ముందు జాగ్రత్తలు

బెంగళూరులో కొత్త అద్దె ఇంటికి మారి రౌటర్ అమర్చుకునేవారు, వైఫై రక్షణ పద్ధతి అయిన డబ్ల్యూపీఏలో పెట్టే పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల మధ్య ఉండేలా, అందులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కీబోర్డు మీది మామూలు గుర్తులు మాత్రమే ఉండేలా ముందే చూసుకోవాలి. తెలుగు లిపి గానీ రూపాయి గుర్తు గానీ వాడకూడదు. ఉదాహరణకు `Mallepuvvu₹560037` ను కొన్ని రౌటర్లు అంగీకరించినా, టీవీ తెరమీది కీబోర్డులో ₹ దొరకకపోవచ్చు. దొరికినా, ఆ గుర్తును రెండు పరికరాలు వేర్వేరు బైట్లుగా మారిస్తే పాస్‌వర్డ్ నుంచి తయారయ్యే తాళంచెవి మారిపోయి, సరిగ్గా కొట్టినా పాస్‌వర్డ్ తప్పనే చూపిస్తుంది.

అక్షరాల మధ్య వదిలే ఖాళీ కూడా నియమం ప్రకారం చెల్లుతుంది కానీ, చివరన పడితే కంటికి కనబడదు కనుక మానుకోవడమే మేలు. వాట్సాప్ నుంచి అతికించేటప్పుడు నిటారు కొటేషన్ గుర్తు వంపు గుర్తుగా మారిందేమో చూడాలి. ప్రింటర్ ఒక్కటే కలవకపోతే, కాసేపు అక్షరాలు, అంకెలతో మాత్రమే పాస్‌వర్డ్ పెట్టి చూడాలి. అప్పుడు కలిస్తే చిక్కు గుర్తులలోనే ఉందని అనుకోవచ్చు, ఆ గుర్తులు తీసేసి పొడవు పెంచితే సరిపోతుంది.