జవాబు 30 సరైనదే, 4కి 2 మార్కులే ఎందుకు? పబ్లిక్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

అమ్మా, ప్రీ-ఫైనల్‌లో రైలు లెక్కకు నువ్వు రాసిన 30 సరైన జవాబే. కానీ ఈ లెక్కలో మార్కులు మెట్టు మెట్టుకీ ఉన్నాయి: కాలాలను x లో రాయడానికి 1, సమీకరణానికి 1, సాధనకు 1, సరికాని విలువను వదిలేసి జవాబు రాయడానికి 1. నీకు మొదటిదీ మూడోదీ వచ్చాయి.

లెక్క ఇది: రైలు 240 కి.మీ. వెళ్లాలి. వేగం గంటకు 10 కి.మీ. పెరిగితే 2 గంటలు ముందే చేరుతుంది. అసలు వేగం ఎంత?

నువ్వు రాసింది 240/(x+10) − 240/x = 2. ఇక్కడే తప్పు జరిగింది. నిదానంగా వెళ్లే రైలుకే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి 240/x పెద్దది, అదే ముందుండాలి. నువ్వు రాసినదాన్ని సూక్ష్మీకరిస్తే x² + 10x + 1200 = 0 వస్తుంది. దాని విచక్షణి 100 − 4800, అంటే రుణాత్మకం. వాస్తవ మూలాలే ఉండవు. నీ పేపర్లో మాత్రం తర్వాతి వరుసలో +1200 ఉన్నట్టుండి −1200 అయింది. కారణాంకాలు కుదరడం కోసం గుర్తు మార్చావని దిద్దేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అక్కడి నుంచి (x+40)(x−30) వరకు చేసిన పని సరిగా ఉంది కాబట్టి ఆ మార్కు వేశాను.

ఇలా జరగకుండా, సమీకరణం రాయగానే x కు ఏదో ఒక తేలిక విలువ పెట్టి చూడు. x = 10 అనుకుంటే 240/10 = 24, 240/20 = 12. ఏది పెద్దదో కంటికి కనిపిస్తుంది, తీసివేత ఎటు నుంచో తేలిపోతుంది. దీనికి పావు నిమిషం కూడా పట్టదు. మధ్యలో గుర్తు తప్పని అనిపిస్తే దాని మీదే దిద్దకు. ఆ వరుసను ఒక్క గీతతో కొట్టేసి, తప్పు మొదలైన చోటి నుంచి మళ్లీ రాయి.

చివరి మార్కు పోయింది −40 వల్ల. రెండు మూలాలు వచ్చాక ఒకటి ఎందుకు పనికిరాదో రాయాలి: "వేగం రుణాత్మకం కాదు, కాబట్టి x = 30." నువ్వు నేరుగా 30 అని రాసి వదిలేశావు, ప్రమాణం కూడా లేదు. "రైలు వేగం గంటకు 30 కి.మీ." అని పూర్తి వాక్యం ఉండాలి. పక్కనే సరిచూసుకో: 240/30 = 8, 240/40 = 6, తేడా 2 గంటలు. అయితే ఇది జవాబును మాత్రమే సరిచూస్తుంది. మధ్యలో గుర్తు తిరగబడినా నీకు ఇక్కడ పట్టుబడలేదు కదా, అందుకే పై పరీక్ష విడిగా చేయాలి.

ఇదే లెక్కను 300 కి.మీ., 1 గంట తేడాతో చేసి తీసుకురా. వేగం పెంపు 10 కి.మీ.నే ఉంచు. x² + 10x − 3000 = 0 రావాలి. +3000 వస్తే గుర్తు మార్చకుండా మొదటి వరుసకు వెళ్లి చూడు.