ఎన్‌పీవీ ఒకటి, ఐఆర్ఆర్ ఇంకొకటి చెప్తే: జవాబు రాసే ముందు జాగ్రత్తలు

పరీక్షలో రెండు ప్రాజెక్టులిచ్చి ఏది మంచిదని అడిగినప్పుడు ఎన్‌పీవీ, అంటే రాబోయే డబ్బుకి నేటి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది, ఒకదాన్ని చూపించి, ఐఆర్ఆర్, అంటే పెట్టుబడి మీద వచ్చే రాబడి శాతం, ఇంకోదాన్ని చూపించొచ్చు. అప్పుడు ముందుగా ప్రశ్నలో 'మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్' అని ఉందేమో చూడండి, అంటే రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి.

బరంపురంలో మనవాళ్లెవరో జీడిపప్పు యూనిట్ పెడుతున్నారనుకుందాం. చిన్నదానికి లక్ష పెడితే ఏడాది తర్వాత 1,30,000 వస్తుంది, పెద్దదానికి మూడు లక్షలు పెడితే 3,66,000. ఐఆర్ఆర్ 30%, 22%. ఇక్కడే చిన్నదానికి టిక్ పెట్టేస్తాం (నేనూ పెట్టి మార్కులు పోగొట్టుకున్నా). కానీ పెట్టుబడి ఖర్చు, అంటే ఆ డబ్బు తేవడానికయ్యే రేటు, 10% అయితే ఎన్‌పీవీ చిన్నదానికి 18,182, పెద్దదానికి 32,727, కాబట్టి పెద్దదే రాయాలి.

రేటు చూడకుండా మాత్రం రాయొద్దు. అదనంగా పెట్టే 2 లక్షలకి వచ్చేది 2,36,000, అంటే 18%. ఖర్చు అది దాటితే జవాబు తిరగబడుతుంది, 20% దగ్గర చిన్నదానికి 8,333 వస్తే పెద్దదానికి 5,000 మాత్రమే.

ఈ అదనపు లెక్కలో తీసివేత ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది, తిప్పి చేస్తే గుర్తులు తారుమారవుతాయి.