ట్యూషన్ ఫీజు చెప్పేముందు ఈ లెక్క వేసుకోండి

ఇంటికెళ్లి ట్యూషన్ చెప్పేవాళ్లు పాఠం చెప్పిన గంటకే ఫీజు లెక్కేసుకుంటారు. నేనూ చాలాకాలం అదే చేశాను. ఒక నెల డైరీలో నిమిషాలతో సహా రాసుకుంటే గానీ అసలు సంగతి బయటపడలేదు.

నెలకు 12 క్లాసులు, ఒక్కోటి గంట. రానూపోనూ 40 నిమిషాలు, ప్రిపరేషన్‌కి 20. అంటే గంట పాఠానికి నా టైం 2 గంటలు. ఆ నెల 2 క్లాసులు రద్దయ్యాయి. ఒకటి ముందురోజే చెప్పారు, ప్రిపరేషన్ 20 నిమిషాలే పోయింది. రెండోసారి గుమ్మం దాకా వెళ్లాక "అయ్యో, బాబు ఊరెళ్లాడండీ, చెప్పడం మర్చిపోయాం" అన్నారు. అక్కడ గంట పోయింది. మొత్తం 21 గంటల 20 నిమిషాలు పెడితే డబ్బొచ్చింది 10 గంటలకే. కాబట్టి నా టైంలో గంటకి ఎంత రావాలనుకుంటానో, దానికి సుమారు 2.13 రెట్లు ఫీజు చెప్పాలి.

అంత అడగడానికి మొహమాటమైతే క్లాసు గంటన్నర చేయండి. తిరుగుడు, ప్రిపరేషన్, రద్దులు అంతే ఉంటే గంట పాఠానికి 1.76 రెట్లు చాలు. వెళ్లాక రద్దయితే ఫీజు ఇవ్వాలన్న మాట మాత్రం మొదటిరోజే చెప్పేయండి, తర్వాత నోరు రాదు.